టాబీనా, టార్టీనా, బైకలరా? ఫోటోలు చూసి పిల్లి ఒంటి రంగుకు పేరు చెప్పడం

ప్రశ్న: "మా పిల్లికి ఏడాది దాటింది, ఆడది. నాలుగు ఫోటోలు పెట్టాను. మూతి, ఛాతీ, పొట్ట, నాలుగు పాదాలు తెలుపు. వీపంతా గోధుమరంగు మీద నల్ల చారలు. మెడ మీద, కుడి తొడ మీద నారింజ రంగు ఉంది. వెటర్నరీ కార్డులో ఏం రాయాలో తెలియడం లేదు. ఒకరు టాబీ అన్నారు, ఒకరు టార్టీ అన్నారు, ఇంకొకరు బైకలర్ అన్నారు. ఏది కరెక్ట్? నాలుగో ఫోటోలో చారలు సుడి తిరిగినట్టు ఉన్నాయి, అది వేరే రకమా?"

సమాధానం:

ముందు పేరు చెప్పేస్తాను: బ్రౌన్ మాకెరెల్ టార్టీ టాబీ, తెలుపుతో. మాకెరెల్ అంటే సన్నటి నిలువు చారల రకం. పిల్లుల వాళ్లు వాడుకలో "టార్బీ అండ్ వైట్" అంటారు. మీకు చెప్పిన ముగ్గురూ తప్పు చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో సంగతి మాత్రమే చూశారు, అంతే. టాబీ అన్నాయన చారలు చూశారు, టార్టీ అన్నాయన నలుపు, నారింజ కలిసి ఉండటం చూశారు, బైకలర్ అన్నాయన తెలుపు చూశారు. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకే పిల్లికి మూడూ వర్తించవచ్చు, మీ పిల్లికి వర్తిస్తున్నాయి కూడా.

అందుకే ఫోటో చూడగానే మొత్తం పిల్లికి ఒక పేరు వెతకడం మొదలుపెడితే చిక్కుపడతాం. నేను చూసే వరుస ఇది: తెలుపు ఎంత ఉంది, మిగిలిన చోట నలుపు జాతి రంగా నారింజ జాతి రంగా రెండూనా, నల్ల భాగంలో చారలు ఉన్నాయా, ఉంటే ఏ రకం. ఆఖర్న ఆ రంగులు ముదురువా లేతవా అన్నది చూస్తాను, ఎందుకంటే ఫోటో ఎక్కువగా మోసం చేసేది అక్కడే.

తెలుపుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తెల్ల మచ్చ అంటే తెల్లటి రంగు వేసినట్టు కాదు, అక్కడ రంగు తయారుచేసే కణాలే లేవని అర్థం. పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఈ కణాలు వెన్ను వైపు నుంచి బయల్దేరి పక్కలకు, పొట్టకు, కాళ్ల చివరలకు వెళ్తాయి. తెల్ల మచ్చల జన్యువు ఉన్న పిల్లిలో అవి అన్నిచోట్లకూ చేరవు. వెన్నుకు దూరంగా ఉన్న పాదాలు, పొట్ట, ఛాతీ, మూతి ఖాళీగా మిగిలిపోతాయి. మీ పిల్లిలో తెలుపు సరిగ్గా అక్కడే ఉంది చూడండి. తెలుపు ఎంత ఎక్కువైతే అది అంత పైకి ఎక్కుతుంది. చివరికి తోక, తల మీద మాత్రమే రంగు మిగిలితే దాన్ని వాన్ అంటారు. మెడ కింద చిన్న బొట్టు మాత్రమే ఉంటే లాకెట్. ఈ రెండు కొసల మధ్య ఒంటి మీద రంగూ తెలుపూ రెండూ గట్టిగా కనిపించేదే బైకలర్. మీ మొదటి, మూడో ఫోటోలు కలిపి చూస్తే ఒంట్లో మూడోవంతుకు అటూఇటుగా తెలుపు ఉంది. కాబట్టి బైకలర్ అన్నమాట సరైనదే. కానీ కార్డులో అదొక్కటే రాస్తే, చదివినవాళ్లు నలుపు తెలుపు పిల్లిని ఊహించుకుంటారు. ఏ రంగు, తెలుపుతో కలిసి అన్నది కూడా రాయాలి.

తెలుపు గురించి ఇంకొక్క మాట. అది ఆధారాలను కప్పేస్తుంది. నల్ల జాతి టాబీ పిల్లికి పాదాల కింది మెత్తలు నల్లగానో ముదురు గోధుమగానో ఉంటాయి, వెనక కాళ్ల మడమ వైపు నల్లగా ఉంటుంది. రంగు తేల్చుకోవడానికి ఇవి మంచి గుర్తులు. మీ పిల్లికి మేజోళ్లు తొడిగినట్టు పాదాలన్నీ తెలుపు కాబట్టి మెత్తలు గులాబీ రంగులో ఉన్నాయి. ఆ గులాబీ తెలుపు వల్ల వచ్చింది, దాన్ని చూసి "ఇది నారింజ పిల్లి జాతి" అనుకోకూడదు. ముక్కు కొస కూడా అంతే, మూతి తెల్లగా ఉంటే ముక్కు సాక్ష్యం చెల్లదు. మీ విషయంలో మిగిలిన సాక్షులు తోక చివర, కళ్ల పక్క గీతలు, చెవుల వెనక భాగం. నేను వాటినే చూశాను.

ఇక అసలు విషయం, నారింజ. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఫోటోలు చూసి టార్బీ అని పిలిచే పిల్లుల్లో చాలావరకు మామూలు బ్రౌన్ టాబీలే.

బ్రౌన్ టాబీ పిల్లిలో చారల మధ్య ఉండే నేల రంగు అన్ని పిల్లుల్లో ఒకేలా ఉండదు. కొన్నిట్లో బూడిదకు దగ్గరగా చల్లగా ఉంటుంది, కొన్నిట్లో ఇటుక రంగుకు దగ్గరగా వెచ్చగా ఉంటుంది. వెచ్చటి రంగు ఉన్న పిల్లిలో పొట్ట మీద, చెవుల వెనక, ముక్కు వంతెన మీద, కాళ్ల లోపలి వైపు బాగా నారింజగా కనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు పసుపు బల్బు వెలుగు పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. చూసినవాళ్లు "నారింజ ఉంది, టార్బీ" అనేస్తారు.

తేడా పట్టడానికి నారింజగా కనిపించే చోట నేలను చూడకండి, చారను చూడండి. నేల మాత్రం నారింజగా ఉండి దాని మీద చార నల్లగానే సాగుతుంటే అది వెచ్చటి రంగున్న బ్రౌన్ టాబీ. చార కూడా రంగు మారి ముదురు నారింజ అయిపోతే అక్కడ నిజంగా నారింజ మచ్చ ఉంది. ఎందుకంటే నిజమైన నారింజ మచ్చలో నల్ల వర్ణకం తయారవదు. అక్కడ పుట్టే ప్రతి వెంట్రుకా నారింజ జాతిదే, చారలోదైనా నేలలోదైనా. కాబట్టి నిజమైన నారింజ మచ్చ లోపల నల్ల చార ఉండే వీలు లేదు.

మీ మూడో ఫోటోను పెద్దది చేసి కుడి తొడ దగ్గర చూడండి. నడుము మీద నుంచి దిగుతున్న చారల్లో రెండోది తొడ పైభాగం దాకా నల్లగా వస్తుంది. అక్కడ ఒక గీసినట్టున్న అంచు తగులుతుంది. ఆ అంచు దాటగానే అదే చార అదే దిశలో, అదే వెడల్పుతో కిందికి సాగుతుంది, కానీ నలుపు పోయి తేనె రంగు ముదిరినట్టు అయింది. నమూనా ఆగలేదు, రంగు ఒక్కటే మారింది. ఈ ఒక్క చోటు చాలు, మీది టార్బీ అని చెప్పడానికి. మెడ మీద మచ్చ కూడా అలాగే ఉంది గానీ రెండో ఫోటోలో ఫ్లాష్ పడి అంచు కరిగిపోయింది. దాని మీదే ఆధారపడాల్సి వస్తే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

ఇంకో గుర్తు కుడి ఎడమల పొంతన. టాబీలో వచ్చే వెచ్చటి రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, రెండు చెవుల వెనకా, రెండు తొడల లోపలా. నారింజ మచ్చకు ఆ నియమం లేదు. మీ పిల్లికి కుడి తొడ మీద ఉంది, ఎడమ తొడ మీద లేదు. గడ్డం సగం ఒక రంగు, సగం ఇంకో రంగు ఉండటం, ఒక కాలి మీద మాత్రమే నారింజ చీలిక ఉండటం టార్టీల్లో తరచు కనిపిస్తాయి.

ఈ మచ్చలు ఎక్కడ పడతాయన్నది ముందుగా చెప్పలేం. నారింజ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. ఒకదాని మీద నారింజ, రెండోదాని మీద మామూలు రకం ఉంటే, పిండం దశలో ఒక్కో కణం ఆ రెండింటిలో ఏదో ఒకదాన్ని మూసేస్తుంది. దాని సంతతి కణాలన్నీ అదే నిర్ణయాన్ని పాటిస్తాయి. నారింజ ఎక్స్ తెరిచి ఉన్న గుంపు నారింజ మచ్చ, రెండోది తెరిచి ఉన్న గుంపు నల్ల మచ్చ. ఎక్స్ ఇలా మూతపడుతుందని బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు. ఆ నారింజకు కారణమైన మార్పు డీఎన్‌ఏలో సరిగ్గా ఎక్కడ ఉందో మాత్రం జపాన్, అమెరికా బృందాలు 2025లో ప్రచురించేదాకా తేలలేదు. 2001 డిసెంబర్‌లో టెక్సాస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. కణం ఇచ్చిన పిల్లి మూడు రంగుల కాలికో. ఆ కణంలో నారింజ ఎక్స్ మూతపడే ఉంది. పుట్టిన పిల్ల ఒంటి మీద నారింజ వెంట్రుకే లేదు, టాబీ చారలు, తెలుపు మాత్రమే. జన్యువులు అవే, పిల్లి చూడటానికి వేరే. కాబట్టి "తల్లికి ఇక్కడ మచ్చ ఉంది, దీనికి లేదే" అనే వాదన ఫోటో గుర్తింపులో పనికిరాదు.

మగపిల్లికి ఒకే ఎక్స్ కాబట్టి సాధారణంగా నారింజైనా అవుతుంది, నలుపైనా అవుతుంది, రెండూ కాదు. రెండూ ఉన్న మగపిల్లి వేలల్లో ఒకటి, ఎక్కువగా అదనపు ఎక్స్ ఉన్నదై ఉంటుంది, సాధారణంగా దానికి పిల్లలు పుట్టవు. ఎవరైనా మగ టార్బీ ఫోటో పంపితే నేను ముందు చార పరీక్ష మళ్లీ చేస్తాను. దాదాపు ప్రతిసారీ అది వెచ్చటి రంగున్న బ్రౌన్ టాబీయే అవుతుంది. లేదంటే అది మగది అనుకున్న ఆడపిల్లి. మీరు ఆడది అని రాశారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు టార్టీనా, టార్బీనా అన్న ప్రశ్న. చాలామంది జారేది ఇక్కడే. "నారింజ మచ్చలో చారలు కనిపించాయి కాబట్టి ఇది టాబీ" అంటారు. ఆ వాదన నిలవదు. పిల్లుల్లో అగౌటి అనే జన్యువు ఉంది. అది పనిచేస్తుంటే ఒక్కో వెంట్రుక మీద ముదురు, లేత పట్టీలు మారిమారి వస్తాయి, చారల మధ్య నేల లేతగా మారి చారలు బయటపడతాయి. అది పనిచేయకపోతే నల్ల జాతి వెంట్రుక మొదలు నుంచి చివర దాకా నల్లగానే ఉంటుంది, చారలు నలుపులో మునిగిపోతాయి. కానీ ఈ ఆపే పని నలుపు మీదే నడుస్తుంది, నారింజ మీద నడవదు. నారింజ పిల్లికి ఎప్పుడూ ఎంతోకొంత చారలు కనిపించడం అందుకే. అలాగే అసలు టాబీ కాని టార్టీలో కూడా నారింజ మచ్చల్లో చారలు చక్కగా కనిపించవచ్చు. కాబట్టి తీర్పు నల్ల భాగం ఇవ్వాలి. నల్ల మచ్చ చారలు లేకుండా నిండు నలుపుగా ఉంటే టార్టీ, అందులో చారలుంటే టార్బీ.

మీ పిల్లిలో నల్ల జాతి భాగం అంటే వీపూ, ఎడమ పక్కా. అక్కడ చారలు స్పష్టంగా ఉన్నాయి, నేల గోధుమ రంగులో ఉంది. ఇంకా మూడు చోట్ల చూసి రూఢి చేసుకున్నాను. కళ్ల చుట్టూ లేత రంగు అంచు ఉంది. కంటి బయటి కొస నుంచి బుగ్గ మీదికి గీత వెళ్తోంది. రెండో ఫోటోలో చెవి వెనక నల్లటి అంచు మధ్య వేలిముద్ర వేసినట్టు లేత మచ్చ కనిపిస్తోంది. ఆ వేలిముద్ర నాకు చాలా ఇష్టమైన గుర్తు. పైనుంచి తీసిన ఫోటోలో కూడా దొరుకుతుంది, బొచ్చు ఎంత పొడవున్నా పోదు, తెలుపు సాధారణంగా దాన్ని కప్పదు. నుదుటి మీద ఎం ఆకారం గురించి అందరూ చెబుతారు, నేను దాన్ని రెండో వరుసలో పెడతాను. నారింజ పిల్లులన్నిటికీ అది ఉంటుంది, చిన్న నల్ల పిల్లలకు కూడా ఎండలో మసకగా కనిపిస్తుంది, టార్బీలో ఎం సగం నల్లగా సగం నారింజగా చీలిపోయి అసలు పోల్చుకోలేనట్టు ఉంటుంది. మీ పిల్లికి తెల్ల గీత నుదుటి మీదికి ఎక్కి ఎం మధ్యకాలును తినేసింది.

చిన్న నల్ల పిల్లలన్నాను కదా, ఆ మసక చారలను భూతచారలు అంటారు. ఆర్నెల్ల లోపు నల్లపిల్లను ఎండలో ఫోటో తీసి టాబీ అని పంపేవాళ్లు చాలామంది. ఫోన్‌లో నీడలను తేలిక చేసే సెట్టింగ్ ఉంటే అవి ఇంకా స్పష్టంగా వస్తాయి. పెద్దయ్యేకొద్దీ మామూలుగా పోతాయి. నేల రంగు వేరుగా ఉందా, లేక నలుపులోనే మెరుపు తేడానా అని చూస్తే తెలిసిపోతుంది. భూతచారల్లో వేరే నేల రంగు ఉండదు. మీ పిల్లికి ఏడాది దాటింది, నేల వేరే రంగు, అనుమానం లేదు.

కాలికో అన్న మాట ఎందుకు వాడలేదని మీరు అడగవచ్చు. నలుపు, నారింజ, తెలుపు మూడూ ఉన్నాయి కదా. వాడుకలో ఎవరైనా కాలికో అంటే కొట్టిపారేయను. అమెరికాలో టార్టీకి తెలుపు తోడైతే కాలికో అంటారు, బ్రిటన్‌లో దాన్నే టార్టాయిస్‌షెల్ అండ్ వైట్ అంటారు. కానీ ఆ పేరు వినగానే నల్ల మచ్చలు నిండు నలుపుగా ఉంటాయనుకుంటారు. చారలున్నదాన్ని విడిగా చెప్పడమే మంచిది. ఇంకోటి, తెలుపు ఎక్కువయ్యేకొద్దీ నలుపు, నారింజ విడివిడి పెద్ద మచ్చలుగా ఏర్పడతాయి. తెలుపు లేని టార్టీలో అవి వెంట్రుక వెంట్రుకా కలిసిపోయి ఇటుకపొడి చల్లినట్టు ఉంటాయి. మీ పిల్లిలో మధ్యరకం తెలుపు ఉంది, నారింజ కూడా మధ్యరకం మచ్చలుగానే ఉంది. ఈ పొంతన కుదరకపోతే, అంటే తెలుపు అసలు లేకుండా నారింజ ఒకే ఒక్క పెద్ద ముక్కగా కనిపిస్తే, నేను ఫోటోను ఇంకోసారి అనుమానంగా చూస్తాను.

మీ నాలుగో ఫోటో సంగతి. చారలు సుడి తిరిగినట్టు ఉన్న రకం ఒకటి నిజంగానే ఉంది. దాన్ని బ్లాచ్డ్ లేదా క్లాసిక్ అంటారు. పక్కటెముకల మీద వెడల్పైన పట్టీ ఒకటి వలయంగా తిరిగి మధ్యలో చుక్క ఉంటుంది, భుజాల మీద పైనుంచి చూస్తే సీతాకోకచిలుక రెక్కల ఆకారం ఉంటుంది. మాకెరెల్‌లో ఇవేమీ ఉండవు. వెన్ను మీది నల్ల గీత నుంచి సన్నటి చారలు పక్కలకు నిలువుగా దిగుతాయి. మాకెరెల్ ఒక చేప పేరు, దాని వీపు మీది గీతల వల్ల ఆ పేరు వచ్చింది. మీ నాలుగో ఫోటోలో పిల్లి ముడుచుకుని పడుకుంది. నిలువు చారలున్న ఒళ్లు చక్రంలా వంగితే చారలు కూడా వంగి సుడిలా కనిపిస్తాయి, తొడ ముడత మధ్యలో చుక్కలా కనిపిస్తుంది. అంతకుమించి ఏమీ లేదు. పడుకున్న ఫోటోతో చారల రకం ఎప్పుడూ తేల్చకూడదు.

తేల్చాల్సింది నిలబడ్డప్పుడు పక్కనుంచి తీసిన ఫోటోతోనూ, పైనుంచి వెన్ను కనిపించేలా తీసిన ఫోటోతోనూ. బ్లాచ్డ్ పిల్లికి వెన్ను మీద సాధారణంగా మూడు గీతలు సమాంతరంగా ఉంటాయి, మధ్యలో ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి, మధ్యలో లేత నేల కనిపిస్తుంది. మాకెరెల్‌కు ఒకే గీత, లేదా దగ్గరదగ్గరగా అతుక్కుని ఒకటిగా కనిపించే గీతలు. మీ రెండో ఫోటో పైనుంచి తీసింది, ఒకే గీత ఉంది. మూడో ఫోటోలో పక్కటెముకల మీద ఐదారు సన్నటి చారలు నిలువుగా ఉన్నాయి. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వెనకవైపు చారలు తెగి చుక్కల్లా ఉన్న చోటు చూసి "స్పాటెడ్" అని ఎవరైనా అనొచ్చు. మాకెరెల్ చారలు నడుము దాటాక తెగడం మామూలే. ఒళ్లంతా, ముఖ్యంగా పక్కటెముకల మీద కూడా, చుక్కలే ఉంటేనే ఆ పేరు వాడాలి. నాలుగో రకం టిక్డ్. ఒంటి మీద చారలే లేకుండా ప్రతి వెంట్రుకా పట్టీలతో ఉండి కుందేలులా కనిపిస్తుంది, ముఖం మీద, కాళ్ల మీద, తోక మీద మాత్రం గీతలు మిగలవచ్చు. మీ పిల్లికి దానితో సంబంధం లేదు.

ఇక మిగిలింది బ్రౌనా, బ్లూనా. బ్లూ అంటే పిల్లుల భాషలో బూడిద రంగు. నలుపును పలుచన చేసే జన్యువు రెండు కాపీలు ఉంటే నలుపు బూడిద అవుతుంది, నారింజ లేత క్రీమ్ అవుతుంది. రెండూ కలిసే పలుచనవుతాయి. ఒక పిల్లిలో బూడిద చారలు, ముదురు నారింజ మచ్చ పక్కపక్కన ఉన్నాయని అనిపిస్తే ఏదో ఒకటి వెలుగు వల్ల తప్పుగా కనిపిస్తోందని అర్థం. ఇది చాలా పనికొచ్చే తనిఖీ.

మీ మొదటి ఫోటోలో చారలు చాక్లెట్ గోధుమగా కనిపిస్తున్నాయి, రెండో ఫోటోలో ఫ్లాష్ వల్ల బూడిదగా ఉన్నాయి. ఒకే పిల్లి, రెండు రంగులు. మొదటిది రాత్రి బల్బు కింద తీశారు, వెనక గోడ కూడా పసుపుగా ఉంది. పిల్లి ఛాతీ చూడండి, తెల్లగా ఉండాల్సింది వెన్నలా ఉంది. మీ పిల్లికి తెలుపు ఉండటం ఇక్కడ అదృష్టం. ప్రతి ఫోటోలో దాని ఛాతీయే కొలబద్ద. ఛాతీ పసుపుగా ఉంటే మిగతా రంగులన్నిటి నుంచీ అంత పసుపు తీసేసి ఊహించుకోవాలి, ఛాతీ నీలంగా ఉంటే అంత నీలం తీసేయాలి. మూడో ఫోటోలో కిటికీ పక్కన, నేరుగా ఎండ పడకుండా తీశారు, ఛాతీ తెల్లగానే ఉంది. అందుకే ఆ ఫోటోనే నమ్మాను. అందులో తోక చివర నల్లగా ఉంది, కళ్ల గీతలు నల్లగా ఉన్నాయి, తొడ మచ్చ క్రీమ్ కాదు, నారింజే. మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి నల్ల జాతి, అంటే బ్రౌన్ టాబీ. నల్ల చారలున్న టాబీని బ్లాక్ టాబీ అని కూడా అంటారు, పేరు తేడాయే తప్ప పిల్లి అదే.

తెలుపు లేని పిల్లికి ఈ కొలబద్ద ఉండదు. అప్పుడు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయమంటాను. నిండు నల్లపిల్లి విషయంలో ఇంకో ఇబ్బంది, ఫ్రేమ్ అంతా నలుపే ఉంటే ఫోన్ దాన్ని చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, పిల్లి బూడిదగా వస్తుంది. కాగితం ఫ్రేములో ఉంటే అదీ కొంత సర్దుకుంటుంది. ఎండకు బాగా తిరిగే నల్లపిల్లికి బొచ్చు పైభాగం తుప్పు రంగుకు మారుతుంది, ఫోటోలో చూసి నారింజ అనుకుంటారు. వెంట్రుకలు విడదీసి మొదట్లో చూస్తే నలుపు అలాగే ఉంటుంది.

కార్డులో ఖాళీ చోటు తక్కువైతే "టార్టీ టాబీ, తెలుపుతో" అని రాస్తే సరిపోతుంది. మాకెరెల్ అన్నది తప్పిపోయిన పిల్లిని పోల్చుకోవడానికి పనికొస్తుంది, కాబట్టి చోటుంటే అది కూడా రాయండి. దానికంటే ముఖ్యంగా "కుడి తొడ మీద నారింజ మచ్చ, ఎడమ తొడ మీద లేదు" అని ఒక లైను చేర్చండి. టార్బీలు చాలా ఉంటాయి గానీ ఆ మచ్చలు ఏ రెండు పిల్లులకూ ఒకే చోట ఉండవు. యూరప్ కేంద్రంగా ఉన్న పిల్లుల సమాఖ్య ఫిఫె వాడే కోడ్‌లో రాయాలంటే రంగు భాగం ఇలా వస్తుంది:

```
f 09 23
```

ఇందులో f అంటే నలుపు, నారింజ కలిసిన టార్టీ, 09 అంటే ఎంతో నిర్దిష్టంగా చెప్పని తెలుపు, 23 అంటే మాకెరెల్ టాబీ. బ్లూ టార్టీ అయి ఉంటే f బదులు g వచ్చేది. బ్లాచ్డ్ అయి ఉంటే 23 బదులు 22. మామూలు ఇంటి పిల్లికి ఈ కోడ్ అవసరం లేదు, కానీ రంగు, తెలుపు, నమూనా మూడూ మూడు విడి గడుల్లో ఎలా కూర్చుంటాయో ఇందులో చక్కగా కనిపిస్తుంది. "జాతి" అన్న గడిలో మాత్రం టాబీ అనో టార్టీ అనో రాయకండి. అవి ఒంటి రంగుల పేర్లు. అక్కడ పొట్టి బొచ్చు ఇంటి పిల్లి అని రాస్తే చాలు.

ఒక్క విషయం నాకు ఈ ఫోటోలతో తేలలేదు. రెండో ఫోటోలో మెడ పక్క, వీపు మీద నేల రంగు దాదాపు వెండిలా ఉంది. చాలావరకు అది ఫ్లాష్ ప్రభావమే, మూడో ఫోటోలో అదే చోటు గోధుమగా ఉంది. కానీ సిల్వర్ టాబీ అన్న రకం ఉంది, అందులో వెంట్రుక మొదలు దాదాపు తెల్లగా ఉంటుంది. కొన్ని సిల్వర్ పిల్లులకు పైపైన గోధుమ ఛాయ తేలుతుంది. ఇది పైపైన తీసిన ఏ ఫోటోలోనూ గట్టిగా తెలియదు. పగటి వెలుగులో, నడుము మీద నల్ల చార ఉన్న చోట రెండు వేళ్లతో బొచ్చును చర్మం కనిపించేదాకా విడదీసి, దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. చార వెంట్రుకల మొదలు బూడిదగానో ముదురుగానో ఉంటే నేను చెప్పిన పేరు అలాగే ఉంటుంది. చర్మం పక్కన వెంట్రుక తెల్లగా ఉండి పైకి వచ్చేకొద్దీ నలుపైతే "బ్రౌన్" తీసేసి "సిల్వర్" అని మార్చుకోండి. ఫోటో తొడ మీద నారింజ మచ్చ దగ్గర తీయకండి, మామూలు నారింజ వెంట్రుకలు కూడా మొదట్లో లేతగానే ఉంటాయి, అక్కడ చూస్తే ఏమీ తేలదు.